పది లక్షల పేర్లు, కోటికి పైగా బిల్లులు: కలిపే దారులు మూడు

ఒక విద్యుత్ పంపిణీ సంస్థ ఉందనుకుందాం. దాని కంప్యూటర్లో రెండు పెద్ద టేబుళ్లున్నాయి. మొదటిది వినియోగదారులది. సర్వీసు నంబరు, పేరు, చిరునామా, డివిజన్, సెక్షన్ అందులో ఉంటాయి. మొత్తం 10 లక్షల వరుసలు. రెండోది బిల్లులది. సర్వీసు నంబరు, నెల, యూనిట్లు, కట్టవలసిన సొమ్ము ఉంటాయి. ఏడాదికి ఒక్కో సర్వీసుకు పన్నెండు బిల్లుల చొప్పున 1 కోటి 20 లక్షల వరుసలు. పేరు ఒకచోట, సొమ్ము మరోచోట. రెంటినీ ముడివేసేది సర్వీసు నంబరు ఒక్కటే. ఆ ముడి వేయడాన్నే డేటాబేస్ వాళ్లు జాయిన్ అంటారు.

ఈ రెండు టేబుళ్లనూ కలపమని మూడు రకాల మనుషులు అడుగుతారు. కౌంటర్ దగ్గర గుమస్తాకు ఎదురుగా నిలబడ్డ ఒక్క మనిషి బిల్లులు కావాలి. సెక్షన్ అధికారికి తన పరిధిలోని పదివేల సర్వీసుల లెక్క కావాలి. హెడ్డాఫీసుకు ఏడాది చివర మొత్తం అందరిదీ కావాలి. అడిగే భాష దాదాపు ఒకటే. అయినా మూడింటికీ ఒకే పద్ధతి వాడితే కనీసం ఒకరైనా తెల్లవార్లూ కూర్చోవలసి వస్తుంది.

ముందు అన్నింటికన్నా మొరటు పద్ధతి చూద్దాం. ఒక వినియోగదారుణ్ని తీసుకుని 1 కోటి 20 లక్షల బిల్లుల్లో ప్రతిదానితోనూ నంబరు సరిచూడటం, ఆ తర్వాత రెండో వినియోగదారుణ్ని తీసుకుని మళ్లీ మొదటి బిల్లు నుంచి మొదలుపెట్టడం. సరిచూడవలసిన జతలు 12 లక్షల కోట్లు. సెకనుకు కోటి జతలు చూడగల యంత్రమే ఉన్నా ఈ పని పూర్తి కావడానికి దాదాపు 14 రోజులు పడుతుంది. అదే పనిని అదే యంత్రం వేరే దారిలో నిమిషాల్లో ముగించగలదు. తేడా యంత్రంలో లేదు, ఎంచుకున్న దారిలో ఉంది.

ఆ దారిని ఎంచుకునేది ఎవరు? ప్రశ్న రాసే మనిషి కాదు. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఇ.ఎఫ్. కాడ్ సంబంధిత టేబుళ్ల నమూనాను ప్రతిపాదించినప్పుడు పెట్టుకున్న ఉద్దేశమే అది: మనిషి ఏం కావాలో చెబితే చాలు, ఎలా తేవాలో యంత్రం చూసుకోవాలి. ఆ ‘ఎలా’ను తేల్చే భాగాన్ని ప్లానర్ అంటారు. అది ఎలా పనిచేయాలో ఐబీఎంలోనే పట్రీషియా సెలింజర్ బృందం 1979లో ప్రచురించిన వ్యాసం చూపించింది. సాధ్యమైన దారులన్నీ తీసుకో, ఒక్కోదానికి ఎన్ని పేజీలు చదవాలో, ప్రాసెసర్‌కు ఎంత పని పడుతుందో అంచనా కట్టు, తక్కువ ఖర్చున్నది పట్టుకో అన్నది దాని సారం. నేటి పెద్ద డేటాబేసుల్లో చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. ఎవరైనా ఉచితంగా దించుకుని చూడగల పోస్ట్‌గ్రెస్ కూడా అంతే. ఇక్కడి లెక్కలన్నీ దాని కొలతలతోనే వేసుకుందాం.

పోస్ట్‌గ్రెస్ డేటాను 8 కిలోబైట్ల పేజీలుగా దాచుతుంది. ఒక పేజీలో 50 మంది వినియోగదారులు పడతారనుకుంటే ఆ టేబుల్ 20,000 పేజీలు. పేజీకి 100 బిల్లుల చొప్పున బిల్లుల టేబుల్ 1,20,000 పేజీలు. పేజీలను వరుసగా చదువుతూ పోతే ఒక్కోదానికి ఖర్చు 1 అని, అక్కడొకటి ఇక్కడొకటి వెతికి తీస్తే ఒక్కోదానికి 4 అని పోస్ట్‌గ్రెస్ మొదటి అమరికలో రాసి ఉంటుంది. ప్రాసెసర్ పనికి వేరే ఖర్చు కలుపుతుంది కానీ, లెక్క తేలిగ్గా సాగడానికి ఇక్కడ పేజీలు మాత్రమే చూద్దాం.

మొరటు పద్ధతి అన్నామే, దాని అసలు పేరు నెస్టెడ్ లూప్ జాయిన్. బయట ఒక చుట్టు, దాని లోపల ఇంకో చుట్టు. బయటి టేబుల్లో ప్రతి వరుసకూ లోపలి టేబుల్‌ను ఒకసారి తిరగాలి. వినడానికి మూర్ఖంగా ఉన్నా, దీనికొక ఇండెక్స్ తోడైతే కథ పూర్తిగా మారిపోతుంది. బిల్లుల టేబుల్లో సర్వీసు నంబరు మీద ఇండెక్స్ ఉంటే లోపలి చుట్టు కోటి వరుసల్లో తిరగనక్కర్లేదు. ఇండెక్స్‌లో మూడు పేజీలు దిగితే ఆ నంబరు బిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుస్తుంది. బిల్లులు నెలవారీగా వచ్చి చేరాయి కాబట్టి ఒక మనిషివి పన్నెండూ పన్నెండు వేర్వేరు పేజీల్లో ఉంటాయి. అంటే మనిషికి 15 పేజీలు. వినియోగదారుణ్ని వెతకడానికి ఇంకో నాలుగు. కౌంటర్ దగ్గర గుమస్తా అడిగిన పని ఇరవై పేజీల లోపే అయిపోతుంది. 1,40,000 పేజీలున్న చోట ఇరవై చదివి జవాబు చెప్పడాన్ని మించిన పద్ధతి లేదు.

దీని బలహీనత కూడా ఆ 15లోనే ఉంది. మనుషులు పెరిగిన కొద్దీ 15 చొప్పున పేజీలు పెరుగుతూ పోతాయి. అవన్నీ వెతికి తీసేవే కాబట్టి మనిషికి ఖర్చు 60. బిల్లుల టేబుల్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా వరుసగా చదవడానికి ఖర్చు 1,20,000. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 2,000 వస్తుంది. ఈ లెక్క ప్రకారం రెండు వేల మంది కన్నా తక్కువైతే ఇండెక్స్ పట్టుకుని వెతకడం లాభం, అంతకు మించితే టేబుల్ మొత్తం ఒకసారి చదివేయడమే లాభం. పది లక్షల మందికీ ఇండెక్స్ ద్వారానే వెళ్తే 1 కోటి 50 లక్షల సార్లు పేజీలు తియ్యాలి. టేబుల్లో ఉన్నవే 1,20,000. ఉన్న పేజీలనే మళ్లీ మళ్లీ వంద సార్లకు పైగా తిప్పడమన్నమాట.

ఈ రెండు వేలు అనే హద్దు రాతిమీద గీత కాదు. తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కుల కాలంలో వెతుకులాటకు నాలుగు రెట్ల ఖర్చు న్యాయమే. ఎస్ఎస్‌డీల మీద నడిపేవాళ్లు చాలామంది ఆ 4ను 1.1కి దించుతారు. అప్పుడు హద్దు ఏడు వేలు దాటుతుంది. ఇండెక్స్ పై పేజీలు ఎప్పుడూ మెమరీలోనే ఉంటే ఇంకా పైకి జరుగుతుంది. ప్రాసెసర్ పనిని కూడా కలిపితే మళ్లీ మారుతుంది. కానీ హద్దంటూ ఒకటి ఉండడం మాత్రం ఖాయం.

నెస్టెడ్ లూప్‌కు ఇంకో గుణం ఉంది, మిగతా రెంటికీ లేనిది. అది ఎలాంటి షరతుకైనా పనికొస్తుంది. యూనిట్లు ఏ శ్లాబులో పడతాయో చూడాలంటే ‘ఇంత కన్నా ఎక్కువ, అంత కన్నా తక్కువ’ అని సరిచూడాలి. అక్కడ సమానత్వం లేదు. సమానత్వం లేని చోట మిగతా రెండు పద్ధతులకూ పోస్ట్‌గ్రెస్‌లో తావు లేదు. శ్లాబుల టేబుల్లో ఆరే వరుసలుంటే కోటీ ఇరవై లక్షల బిల్లులకూ కలిపి 7 కోట్ల 20 లక్షల పోలికలు. అది యంత్రానికి భారమే కాదు. లోపలి టేబుల్ చిన్నదైతే ఇండెక్స్ లేని నెస్టెడ్ లూప్‌లోనూ తప్పు లేదని ఇక్కడ తెలుస్తుంది.

ఇక సెక్షన్ అధికారి సంగతి. పదివేల సర్వీసులంటే హద్దు దాటినట్టే. ఇక్కడ పనికొచ్చేది హ్యాష్ జాయిన్. ఇది రెండు అంచెల్లో నడుస్తుంది. మొదట చిన్నవైపును, అంటే ఆ పదివేల మంది వినియోగదారులను చదివి, ఒక్కో సర్వీసు నంబరునూ ఒక గణిత సూత్రంలో వేసి, వచ్చిన అంకె ప్రకారం మెమరీలో ఒక గడిలో పెడుతుంది. ఆ తర్వాత బిల్లుల టేబుల్‌ను మొదటి నుంచి వరుసగా చదువుతుంది. ప్రతి బిల్లు నంబరునూ అదే సూత్రంలో వేస్తే ఏ గడిలో చూడాలో వెంటనే తెలుస్తుంది. ఆ గడిలో ఉన్న ఒకటి రెండు పేర్లతో సరిచూస్తే చాలు. బిల్లుల టేబుల్‌ను ఒక్కసారే చదివాం కాబట్టి ఖర్చు 1,20,000, దానికి తోడు వినియోగదారులను చదివిన ఖర్చు. ఇండెక్స్ ఉన్నా లేకపోయినా దీనికి ఒకటే.

మొత్తం పది లక్షల మందిదీ అడిగినప్పుడు కూడా లెక్క పెద్దగా మారదు. రెండు టేబుళ్లూ ఒక్కొక్కసారి చదివితే 1,40,000 పేజీలు. మెమరీ చాలితేనే సుమా. పేరుకు, నంబరుకు కలిపి ఒక్కో మనిషికి 50 బైట్లు పడతాయనుకుంటే పది లక్షల మందికి దాదాపు 50 మెగాబైట్లు కావాలి. పోస్ట్‌గ్రెస్ మొదటి అమరికలో `work_mem` విలువ 4 మెగాబైట్లే. 15వ వెర్షన్ నుంచి హ్యాష్ పనికి దానికి రెట్టింపు, అంటే 8 మెగాబైట్ల వరకు వాడుకోనిస్తుంది. 50 అందులో పట్టదు. అప్పుడు వినియోగదారులను ఎనిమిది భాగాలుగా విడదీస్తుంది. మొదటి భాగం మెమరీలో ఉంటుంది. మిగతా ఏడు భాగాలు డిస్కు మీద తాత్కాలిక ఫైళ్లలోకి వెళ్తాయి. బిల్లులనూ అదే కొలతతో విడదీయాలి కాబట్టి వాటిలోనూ ఎక్కువ భాగం డిస్కుకు వెళ్లి తిరిగి రావాలి. ఒకసారి చదవడం, ఒకసారి రాయడం, మళ్లీ చదవడం. పాఠ్యపుస్తకాలు దీన్ని మూడు రెట్లుగా లెక్కిస్తాయి: గరిష్ఠంగా 4,20,000 పేజీలు. `work_mem`ను 64 మెగాబైట్లు చేస్తే అంతా ఒకే భాగంలో సర్దుకుని ఖర్చు మళ్లీ 1,40,000కు దిగుతుంది. అయితే ఆ కొలత ఒక్కో పనికి విడివిడిగా వర్తిస్తుంది. వందమంది ఒకేసారి అలాంటి ప్రశ్నలు వేస్తే సర్వర్ మెమరీ మొత్తం ఖాళీ కావచ్చు. అందుకే ఏడాది చివరి రిపోర్టు నడిపే ఆ ఒక్క సెషన్‌లోనే పెంచుకోవడం మంచిది.

ఇలా భాగాలుగా విడదీసే ఉపాయం 1983లో టోక్యో విశ్వవిద్యాలయంలో మసారు కిత్సురెగావా బృందం చేసిన గ్రేస్ యంత్రం పరిశోధనతో ప్రసిద్ధికెక్కింది. మొదటి భాగాన్ని మెమరీలోనే ఉంచే మెరుగుదల 1984లో డేవిడ్ డివిట్, ఆయన సహచరులు రాసిన వ్యాసంలో వచ్చింది. సెలింజర్ బృందం 1979లో పోల్చిన పద్ధతుల్లో హ్యాష్ జాయిన్ లేనే లేదు.

హ్యాష్ జాయిన్‌ను దెబ్బతీసేది ఒకే విలువ లెక్కలేనన్నిసార్లు రావడం. సర్వీసు నంబరు తెలియని పాత రికార్డులన్నిటికీ ఎవరో సున్నా వేసి ఉంచారనుకోండి. ఆ సున్నాలన్నీ ఒకే గడిలో, ఒకే భాగంలో పడతాయి. ఎనిమిది భాగాలు పదహారు చేసినా, ముప్పైరెండు చేసినా అవి విడిపోవు, ఎందుకంటే సూత్రం ఒకే అంకెకు ఎప్పుడూ ఒకే జవాబిస్తుంది. ఒక భాగం ఊరంత పెరిగి మిగతావి ఖాళీగా ఉంటాయి. ఇది మెమరీ పెంచితే తగ్గే జబ్బు కాదు. ఆ సున్నాలను ముందే వేరు చేయాలి.

మూడోది సార్ట్ మెర్జ్ జాయిన్. వయసులో ఇది హ్యాష్ కన్నా పెద్దది. రెండు టేబుళ్లనూ సర్వీసు నంబరు వరుసలో పేర్చి, రెంటి మీదా చెరో వేలు పెట్టి, చిన్న నంబరున్న వైపు వేలు కిందికి జరుపుతూ పోతుంది. రెండూ సమానమైన చోట జత దొరికినట్టు. కలపడం దానికదే చాలా చవక, రెండు వైపులా ఒక్కొక్కసారి చదివితే సరి. ఖర్చంతా పేర్చడంలోనే ఉంది. 1 కోటి 20 లక్షల వరుసలను పేర్చడానికి దాదాపు 28 కోట్ల పోలికలు కావాలి. మెమరీ చాలకపోతే ముక్కలు ముక్కలుగా పేర్చి, డిస్కు మీద రాసి, మళ్లీ కలపాలి. పేజీల లెక్కలో అదీ దాదాపు మూడు రెట్లే, అంటే భాగాలుగా విడిపోయిన హ్యాష్ జాయిన్‌తో సమానం. పోలికల భారం మాత్రం అదనం.

మరి దీన్ని ఎందుకు ఉంచుకున్నారు? పేర్చే ఖర్చు లేని సందర్భాలున్నాయి కాబట్టి. ఏడాది చివర అందరి బిల్లులూ సర్వీసు నంబరు వరుసలో అచ్చు వేయాలంటే ఎలాగూ పేర్చక తప్పదు. హ్యాష్ జాయిన్ ఇచ్చిన ఫలితాన్ని తర్వాత మళ్లీ పేర్చాలి. సార్ట్ మెర్జ్ ఇచ్చేది పేర్చిన ఫలితమే. రెండు టేబుళ్లూ డిస్కు మీద ముందే ఆ వరుసలో ఉంటే 1,40,000 పేజీలతో పని ముగుస్తుంది, మెమరీ కూడా దాదాపు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. సర్వీసు నంబరు మీద ఇండెక్స్ ఉంది కదా, వరుస దొరికినట్టే కదా అనుకుంటారు. ఇండెక్స్‌లో వరుస ఉంది నిజమే. కానీ అసలు బిల్లులు నెలవారీగా చేరాయి. ఇండెక్స్ వరుసలో బిల్లులు తీస్తూ పోతే ప్రతి బిల్లుకూ వేరే పేజీకి గెంతాలి. 1 కోటి 20 లక్షల గెంతులు. అందుకే ప్లానర్ చాలాసార్లు ఉన్న ఇండెక్స్‌ను పక్కన పెట్టి, టేబుల్‌ను మొత్తం చదివి కొత్తగా పేర్చుకుంటుంది. డిస్కు మీది అమరికకూ కాలమ్ వరుసకూ ఎంత పొత్తు ఉందో పోస్ట్‌గ్రెస్ `pg_stats`లో `correlation` అనే అంకెగా దాచుకుంటుంది. అది ఒకటికి దగ్గరగా ఉంటే ఇండెక్స్ ద్వారా వెళ్లడం చవక, సున్నాకు దగ్గరగా ఉంటే ఖరీదు.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ ఒకే అంకె మీద ఆధారపడ్డాయి: బయటి వైపు నుంచి ఎన్ని వరుసలు వస్తాయి? ప్లానర్‌కు ఆ అంకె ముందుగా తెలియదు, ఊహిస్తుంది. నిజ జీవితంలో జాయిన్‌లు మొండికేసేది ఎక్కువగా ఈ ఊహ దగ్గరే. సెక్షన్ అధికారి ప్రశ్న ఇలా ఉందనుకుందాం.

```sql
SELECT c.name, b.month, b.amount
FROM consumers c
JOIN bills b ON b.service_no = c.service_no
WHERE c.division = 'D7' AND c.section = 'S63';
```

సంస్థలో పది డివిజన్లు, వంద సెక్షన్లు ఉన్నాయి. ఏడో డివిజన్‌లో పదో వంతు మంది ఉంటారని, 63వ సెక్షన్‌లో నూరో వంతు ఉంటారని ప్లానర్‌కు గణాంకాల ద్వారా తెలుసు. రెంటికీ సంబంధం లేదనుకుని అది రెండు భిన్నాలనూ గుణిస్తుంది. వెయ్యో వంతు అంటే 1,000 మంది. నిజానికి 63వ సెక్షన్ పూర్తిగా ఏడో డివిజన్ లోపలే ఉంది. డివిజన్ షరతు కొత్తగా ఎవరినీ తగ్గించదు. నిజమైన సంఖ్య 10,000. వెయ్యి అనేది మన రెండు వేల హద్దుకు లోపల ఉంది కాబట్టి ప్లానర్ నెస్టెడ్ లూప్ ఎంచుకుంటుంది, 60,000 ఖర్చవుతుందని నమ్మి. తీరా నడిస్తే ఖర్చు 6,00,000. హ్యాష్ జాయిన్ అయితే దాదాపు 1,20,000తో పోయేది. ప్లానర్ తర్కంలో తప్పు లేదు, చేతికొచ్చిన అంకెలో ఉంది.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. ప్రశ్న ముందు `EXPLAIN ANALYZE` అని రాస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని నిజంగా నడిపి, తన ఊహనూ జరిగినదాన్నీ పక్కపక్కనే చూపిస్తుంది. అనవసరమైన అంకెలు తీసేస్తే అది ఇలా ఉంటుంది.

```
Nested Loop (rows=12000) (actual rows=120000 loops=1)
  -> Index Scan on consumers (rows=1000)
       (actual rows=10000 loops=1)
  -> Index Scan on bills (rows=12)
       (actual rows=12 loops=10000)
```

మొదటి బ్రాకెట్‌లోది ఊహ, రెండోదానిలోది నిజం. చివరి వరుసలో 12కు 12 సరిపోయింది కదా అని మోసపోకూడదు. అది ఒక్కో చుట్టుకు సగటు. `loops` పదివేలు కాబట్టి ఆ పని పదివేల సార్లు జరిగింది. అసలు తేడా మధ్య వరుసలో ఉంది: వెయ్యి అనుకున్న చోట పదివేలు. ప్లాన్‌ను ఎప్పుడూ లోపలి వరుసల నుంచి పైకి చదువుతూ, ఊహ మొదటిసారి ఎక్కడ తప్పిందో అక్కడ ఆగాలి. పైన కనిపించే తప్పులన్నీ దాని పిల్లలే.

మందు కూడా అక్కడే వేయాలి. డివిజన్, సెక్షన్ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయని పోస్ట్‌గ్రెస్‌కు చెప్పే వీలు 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఉంది.

```sql
CREATE STATISTICS div_sec (dependencies)
  ON division, section FROM consumers;
ANALYZE consumers;
```

ఇది నడిచాక ఊహ పదివేలకు దగ్గరగా వస్తుంది. ప్రశ్నలో ఒక్క అక్షరం మార్చకుండానే ప్లానర్ హ్యాష్ జాయిన్‌కు మళ్లుతుంది. దీనికి బదులు కొందరు `SET enable_nestloop = off` అని నెస్టెడ్ లూప్‌నే ఆపేస్తారు. మిగతా దారుల్లో ఖర్చెంతో తెలుసుకోవడానికి ఒక సెషన్‌లో అలా చేయడం మంచి పరీక్షే. సర్వర్ మొత్తానికీ అదే పెట్టి వదిలేస్తే మాత్రం ఇరవై పేజీలతో అయ్యే కౌంటర్ గుమస్తా పని కూడా లక్ష పేజీలు చదివే దారి పట్టవచ్చు.

మిగతా రెండు పద్ధతులకూ గుర్తులు ఇదే ప్లాన్‌లో కనిపిస్తాయి. హ్యాష్ దగ్గర `Batches: 8` అని ఉంటే మెమరీ చాలక డిస్కుకు వెళ్లిందని, `Batches: 1` అంటే అంతా మెమరీలోనే జరిగిందని అర్థం. పేర్చే చోట `Sort Method: external merge` అని, దాని పక్కన `Disk` అని కనిపిస్తే అదీ డిస్కు మీద జరిగినట్టే.

అన్ని డేటాబేసుల్లోనూ మూడు దారులూ ఉంటాయని అనుకోకూడదు. ఎన్నో వెబ్‌సైట్ల వెనక నడిచే మైఎస్‌క్యూఎల్‌లో ఏళ్ల తరబడి నెస్టెడ్ లూప్, దాని రూపాంతరాలే ఉండేవి. 2019 అక్టోబరులో వచ్చిన 8.0.18 వెర్షన్‌తో గానీ దానికి హ్యాష్ జాయిన్ రాలేదు. అంతకన్నా పాత వెర్షన్ మీద పనిచేస్తున్నవారు ఏ గణాంకాలు సరిచేసినా హ్యాష్ దారి తెరుచుకోదు. వాళ్లకు జాయిన్ కాలమ్ మీద ఇండెక్స్ ఉంచుకోవడమే దిక్కు. పోస్ట్‌గ్రెస్ వాడేవారు ఈసారి ఒక ప్రశ్న నెమ్మదించినప్పుడు మెమరీ పెంచే ముందు, కొత్త ఇండెక్స్ వేసే ముందు, `EXPLAIN ANALYZE` తెరిచి `rows` అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటికీ పది రెట్ల తేడా ఉన్న చోట ముందుగా గణాంకాలు సరిచేయండి.